కాస్కోడ్‌లో మధ్య నోడ్ కదలదు, మిగతాదంతా అందులోంచే వస్తుంది

ప్రశ్న: "కాస్కోడ్ పెడితే అవుట్‌పుట్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, బ్యాండ్‌విడ్త్ కూడా పెరుగుతుంది అని చదివాను. రెసిస్టెన్స్ పెరిగితే బ్యాండ్‌విడ్త్ తగ్గాలి కదా? పైగా బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూస్తే గెయిన్ ఏమీ పెరగలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

మీరు తప్పేమీ చేయలేదు. కాస్కోడ్ అంటే ఒక ట్రాన్సిస్టర్ మీద ఇంకో ట్రాన్సిస్టర్ పెట్టి కట్టిన ఆంప్లిఫైయర్. ఆ రెండు లాభాలూ ఒకే కారణం నుంచి పుడతాయి, కానీ ఒకే సర్క్యూట్‌లో రెండూ ఒకేసారి పూర్తిగా చేతికి రావు. పుస్తకాల్లో రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో రాసేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. ఆ కారణం ఏంటంటే, కింద ఉన్న ట్రాన్సిస్టర్ కలెక్టర్ పైదాని ఎమిటర్‌తో కలిసే మధ్య నోడ్ దగ్గర వోల్టేజీ దాదాపు కదలదు. పై ట్రాన్సిస్టర్ దాన్ని కదలనివ్వదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

నేను ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు ల్యాబ్‌లో కట్టిన సర్క్యూట్‌నే తీసుకుంటాను, ఎందుకంటే నాకు కూడా సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది. రెండు బీసీ547లు, 12 వోల్టుల సప్లై, పైన 4.7 కిలో ఓమ్ లోడ్, కింద ఎమిటర్‌లో 1 కిలో ఓమ్, దానికి సమాంతరంగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. బయాస్ కోసం సప్లై నుంచి గ్రౌండ్ దాకా వరుసగా 82, 22, 18 కిలో ఓమ్‌లు. పై జాయింట్ రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కి, కింది జాయింట్ మొదటిదాని బేస్‌కి వెళ్తాయి. కరెంట్ సుమారు 1 మిల్లీఆంప్. సిగ్నల్ జనరేటర్ నుంచి 1 కిలో ఓమ్ గుండా ఇచ్చాను.

ముందు ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న మామూలు కామన్ ఎమిటర్ సంగతి చూద్దాం. 1 మిల్లీఆంప్ దగ్గర ట్రాన్సిస్టర్‌కి లోపలి ఎమిటర్ రెసిస్టెన్స్ 26 ఓమ్‌లు, కాబట్టి బేస్ నుంచి కలెక్టర్‌కి గెయిన్ 4700 బై 26, అంటే 180. బేస్ 1 మిల్లీవోల్ట్ పైకి వెళ్తే కలెక్టర్ 180 మిల్లీవోల్టులు కిందికి దిగుతుంది. ఇప్పుడు బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య ట్రాన్సిస్టర్ లోపలే ఉండే చిన్న కెపాసిటెన్స్‌ని చూడండి, 4 పికోఫారడ్లు అనుకుందాం. దాని ఒక పక్క 1 పైకి, రెండో పక్క 180 కిందికి పోతున్నాయి కాబట్టి దాని మీద తేడా 181 మిల్లీవోల్టులు, ఆ చార్జి అంతా బేస్ వైపు నుంచి మీ సోర్స్ మోయాలి. సోర్స్‌కి అది 4 పికోఫారడ్లలా కాదు, 720 పికోఫారడ్ల పైమాటలా కనిపిస్తుంది. ఇదే మిల్లర్ ఎఫెక్ట్. కింది లెక్కలో Ccb ఆ 4 పికోఫారడ్లు, Cbe బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఉండే కెపాసిటెన్స్, gm అంటే 1 బై 26 ఓమ్‌లు, RL లోడ్.

```
Cin = Cbe + Ccb * (1 + gm*RL)
    = 17 pF + 4 pF * 181  ≈ 740 pF
```

సోర్స్‌లోని 1 కిలో ఓమ్, బయాస్, ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ అన్నీ సమాంతరంగా కలిస్తే 800 ఓమ్‌ల దాకా ఉంటాయి. 800 ఓమ్‌లు, 740 పికోఫారడ్లు కలిసి 270 కిలోహెర్ట్జ్ దగ్గరే సిగ్నల్‌ని పడేస్తాయి. ట్రాన్సిస్టర్ 300 మెగాహెర్ట్జ్‌దే కావచ్చు, ఆ వేగమంతా ఇక్కడ పనికి రాకుండా పోతుంది.

ఇప్పుడు పైన రెండో ట్రాన్సిస్టర్ పెట్టండి, దాని బేస్‌ని కెపాసిటర్‌తో గ్రౌండ్ చేయండి. కింది ట్రాన్సిస్టర్‌కి ఇప్పుడు లోడ్ 4.7 కిలో ఓమ్ కాదు, పై ట్రాన్సిస్టర్ ఎమిటర్‌లోకి చూస్తే కనిపించే 26 ఓమ్‌లు మాత్రమే. 26 బై 26, గెయిన్ ఒకటి. బేస్ 1 మిల్లీవోల్ట్ పైకి వెళ్తే దాని కలెక్టర్ 1 మిల్లీవోల్ట్ మాత్రమే దిగుతుంది. మిల్లర్ లెక్క 4 ఇంటూ 2, అంటే 8 పికోఫారడ్లు, 17 కలిపితే 25. ఇన్‌పుట్ వైపు పరిమితి 270 కిలోహెర్ట్జ్ నుంచి దాదాపు 8 మెగాహెర్ట్జ్‌కి జరిగిపోయింది. కరెంట్ మాత్రం ఎక్కడా పోలేదు, కింది ట్రాన్సిస్టర్ ఇచ్చిన కరెంటే పైదాని గుండా వెళ్లి అదే 4.7 కిలో ఓమ్‌లో పడుతుంది, కాబట్టి మొత్తం గెయిన్ అదే 180. మీకు గెయిన్ పెరగకపోవడానికి కారణం ఇదే, ఈ లోడ్‌తో పెరగకూడదు కూడా.

ఈ లెక్కంతా కాగితం మీద వేసుకుని ఎంతో నమ్మకంతో ల్యాబ్‌కి వెళ్లాను. ఒకే ట్రాన్సిస్టర్‌తో 150 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ 3 డీబీ పడింది, కాస్కోడ్‌తో 310. రెండింతలు, అంతే! ముప్ఫై రెట్లు రావాలి కదా అని గంటన్నర వైర్లు పీకి మళ్లీ గుచ్చాను, ట్రాన్సిస్టర్లు మార్చాను, టెన్షన్‌లో బయాస్ రెసిస్టర్లన్నీ మళ్లీ కొలిచాను. చివరికి పక్క బెంచి సీనియర్ ఒకాయన వచ్చి, ఏమీ అడగకుండా నా ప్రోబ్ పట్టుకుని దాని మీదున్న చిన్న స్విచ్‌ని 1x నుంచి 10xకి జరిపారు. కాస్కోడ్ 1.3 మెగాహెర్ట్జ్‌కి వెళ్లిపోయింది. ఒక్క ట్రాన్సిస్టర్‌ది మళ్లీ కొలిస్తే 230 కిలోహెర్ట్జ్.

జరిగింది ఇది: 1x లో ప్రోబ్, కేబుల్ కలిసి దగ్గర దగ్గర 100 పికోఫారడ్లు అవుట్‌పుట్ మీద వేలాడదీస్తాయి, 10x లో 15 మాత్రమే. 4.7 కిలో ఓమ్‌తో 100 పికోఫారడ్లు అంటే 340 కిలోహెర్ట్జ్, అంటే నేను కొలిచింది నా ఆంప్లిఫైయర్‌ని కాదు, నా ప్రోబ్‌ని. 10x లో కూడా 8 మెగాహెర్ట్జ్ రాలేదని గమనించండి. కాస్కోడ్ ఇన్‌పుట్ దగ్గరి అడ్డు తీసేస్తుంది, అవుట్‌పుట్ దగ్గరి లోడ్ రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌ల లబ్ధాన్ని ముట్టుకోదు, అందుకే ఇప్పుడు ఆపుతున్నది అదే. ఇంకా వేగం కావాలంటే లోడ్ తగ్గించి గెయిన్ వదులుకోవాలి, లేదా అవుట్‌పుట్‌లో ఎమిటర్ ఫాలోవర్ పెట్టాలి. ఇంకోటి, సోర్స్ రెసిస్టెన్స్ 50 ఓమ్‌లే అయితే మొదటి నుంచీ మిల్లర్ అంత బాధ పెట్టదు, అప్పుడు కాస్కోడ్ కట్టినా పెద్ద తేడా కనిపించదు.

ఇక అవుట్‌పుట్ రెసిస్టెన్స్. ఒక్క ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్ వోల్టేజీ పెరిగితే కరెంట్ కూడా కొంచెం పెరుగుతుంది, ఎర్లీ ఎఫెక్ట్ అంటాం. ఎర్లీ వోల్టేజీ 100 అనుకుంటే 1 మిల్లీఆంప్ దగ్గర అవుట్‌పుట్ రెసిస్టెన్స్ ro 100 కిలో ఓమ్‌లు. కాస్కోడ్‌లో మీరు అవుట్‌పుట్‌ని ఎంత ఊపినా కింది ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి ఆ ఊపు చేరదు, కాబట్టి దాని కరెంట్ మారదు, దాని కరెంట్ మారకపోతే పైదాని కరెంట్ మారడానికి దారి లేదు. ఇంకోలా చూస్తే, పై ట్రాన్సిస్టర్ ఎమిటర్‌లో 100 కిలో ఓమ్ రెసిస్టర్ ఉన్నట్టే. మామూలు 100 కిలో ఓమ్ రెసిస్టర్‌లో 1 మిల్లీఆంప్ పారించాలంటే 100 వోల్టులు కావాలి, ట్రాన్సిస్టర్ ఆ పనిని 2 వోల్టుల్లో చేసి పెడుతోంది. నాకు ఈ సర్క్యూట్‌లో అన్నిటికన్నా ముచ్చటేసే సంగతి ఇదే. బైపోలార్‌లో ఇది దాదాపు బీటా రెట్లు పెరిగి ఆగుతుంది, ఎందుకంటే పై ట్రాన్సిస్టర్ బేస్ గుండా కొంత కరెంట్ తప్పించుకుంటుంది. బీటా 200 అయితే 20 మెగా ఓమ్‌ల దగ్గర. మాస్‌ఫెట్‌లో ఆ బేస్ కరెంట్ గొడవ లేదు, అక్కడ gm*ro రెట్లు.

అయితే ఆ 20 మెగా ఓమ్‌ల పక్కన మీరు సప్లైకి కట్టిన 4.7 కిలో ఓమ్ సమాంతరంగా కూర్చుని ఉంది. రెండూ కలిస్తే ఎంత? 4.7 కిలో ఓమ్‌లే. లాభం ఉంది గానీ కనపడదు. కనపడాలంటే లోడ్ రెసిస్టర్ బదులు కరెంట్ సోర్స్ పెట్టాలి, ఆ కరెంట్ సోర్స్ కూడా కాస్కోడ్‌దే అయి ఉండాలి, ఒక్క పీఎన్‌పీ ట్రాన్సిస్టర్‌తో కడితే దాని 100 కిలో ఓమ్‌లు మళ్లీ అంతా మింగేస్తాయి. చిప్పుల లోపల పైనా కిందా కాస్కోడ్లు పెట్టేది ఇందుకే.

మీ అసలు ప్రశ్న సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. పైనా కిందా 20 మెగా ఓమ్‌లు, కలిపి 10 అనుకోండి, అవుట్‌పుట్ మీద 20 పికోఫారడ్లు. గెయిన్ లెక్కకి మూడు లక్షల ఎనభై వేలు, బ్యాండ్‌విడ్త్ 800 హెర్ట్జ్. మీరు అన్నట్టే రెసిస్టెన్స్ పెరిగింది, బ్యాండ్‌విడ్త్ పడిపోయింది. కానీ రెండింటి లబ్ధం చూడండి, 300 మెగాహెర్ట్జ్. 4.7 కిలో ఓమ్‌తో కూడా అవుట్‌పుట్ ఒక్కటే లెక్కేస్తే, 180 ఇంటూ 1.7 మెగాహెర్ట్జ్, అదే 300. ఆ లబ్ధం gm, కెపాసిటెన్స్ చేతుల్లో ఉంది, రెసిస్టెన్స్ చేతుల్లో లేదు. కాబట్టి కాస్కోడ్‌ని గెయిన్ కోసం వాడతారా, వేగం కోసం వాడతారా అన్నది లోడ్ తేలుస్తుంది. అంత పెద్ద లోడ్ పెట్టినప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పైదాని ఎమిటర్‌లోకి చూస్తే 26 ఓమ్‌లు కనిపించవు, చాలా ఎక్కువ కనిపిస్తాయి, మధ్య నోడ్ మళ్లీ కదలడం మొదలెడుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగి అవుట్‌పుట్ కెపాసిటర్ లోడ్‌ని కిందికి లాగాక అది మళ్లీ స్థిరపడుతుంది.

పేరు సంగతి కూడా చెప్తాను. 1939లో హంట్, హిక్‌మన్ అనే ఇద్దరు వోల్టేజీ స్టెబిలైజర్ల మీద రాసిన పేపర్లో ఈ మాట వాడారు, అప్పటికి ట్రాన్సిస్టర్ లేదు, అవి వాక్యూమ్ ట్యూబులు.

మీ బోర్డు మీద ఒకటి తప్పకుండా చూడండి. పై ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ కాలి పక్కనే ఉండాలి, నాలుగు అంగుళాల జంపర్ వైరు చివర కాదు. అది లేకపోతే బేస్ కదులుతుంది, బేస్‌తో పాటు మధ్య నోడ్ కదులుతుంది, మిల్లర్ వెనక్కి వచ్చేస్తుంది. వైరు పొడవైతే ఇంకో రకం జబ్బు, పై ట్రాన్సిస్టర్ పదుల మెగాహెర్ట్జ్ పైన ఎక్కడో ఆసిలేట్ అవుతుంది. స్కోప్ మీద గీత లావుగా కనిపిస్తుంది, వేలు దగ్గరికి తెస్తే డీసీ వోల్టేజీ మారుతుంది. బేస్ కాలికి ఆనించి 47 ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెడితే చాలాసార్లు ఆగిపోతుంది.

సర్క్యూట్ నిజంగా కాస్కోడ్‌లా పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి అవుట్‌పుట్ కన్నా మధ్య నోడ్‌నే చూడండి. ఇన్‌పుట్ బేస్ మీద 8 మిల్లీవోల్టులు ఉంటే అక్కడ కూడా తలకిందులుగా దాదాపు 8 మిల్లీవోల్టులే ఉండాలి. ఇరవై ముప్ఫై కనిపిస్తే పై బేస్ గ్రౌండ్ కాలేదని అర్థం. ఈ ఒక్క చోట మాత్రం ప్రోబ్‌ని 1x లోనే పెట్టుకోండి, అక్కడ ఉన్నది 26 ఓమ్‌లు, 100 పికోఫారడ్లు వేలాడినా దానికి లెక్క లేదు, పైగా 10x లో పెడితే ఆ 8 మిల్లీవోల్టులు నాయిస్‌లో కలిసిపోతాయి.