సుధకు మావయ్య రాసేది

సుధమ్మా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు మన జిల్లా ఊళ్ల గురించి ఆడియో కథలు రికార్డ్ చేస్తావట, మొదటిది శ్రీముఖలింగం మీదట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతో సగం, భయంతో సగం. పొద్దున లేచి నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టు చదివాను. తర్వాత పైకి చదివాను. భయం ఇంకాస్త పెరిగింది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. ఫ్యాన్ ఆపు. పక్కన మంచినీళ్లు పెట్టుకో. కాగితం మీద పెద్ద అక్షరాలతో, లైనుకి ఒక్క వాక్యమే రాసుకో. ఒక పేజీలో మొదలైన వాక్యం ఆ పేజీలోనే అయిపోవాలి, లేకపోతే కాగితం తిప్పే చప్పుడు కథలో పడుతుంది. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది మీ తాతయ్య యూరియా కథ. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

ఎనభైల్లో నేను రేడియోలో రైతుల కార్యక్రమానికి స్క్రిప్టులు రాసేవాణ్ని. రాసింది నేను, చదివేది వేరొకరు. ఒకసారి వరికి పైపాటుగా యూరియా వేయడం గురించి రాశాను. అందులో వాక్యం నాకు ఇప్పటికీ నోటికొచ్చు: "పొలంలో నిల్వ ఉన్న నీటిని పూర్తిగా తొలగించకుండా యూరియాను వెదజల్లే పద్ధతిని అనుసరించడం వల్ల ఎరువు వృథా అయ్యే అవకాశం ఉన్నందున, రైతులు బురద పదునులో ఎరువు వేసి, ముప్పై ఆరు నుంచి నలభై ఎనిమిది గంటల అనంతరం పలచగా నీరు పెట్టవలసినదిగా శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు."

కాగితం మీద చూస్తే తప్పేం లేదు. నాకైతే గర్వంగానే ఉండేది. పైకి చదివి చూడలేదు. ఆఫీసులో అందరి ముందూ గొణుక్కుంటే నవ్వుతారని సిగ్గు. కళ్లతోనే రెండుసార్లు చదివి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం మీ తాతయ్య నరసన్నపేట దగ్గర మన ఊళ్లో అరుగు మీద కూర్చుని పలుపు పేనుతున్నారు. పక్కన రేడియో. కొడుకు రాసిన ముక్క వస్తోందని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి కూర్చోబెట్టారట. "నీటిని పూర్తిగా తొలగించకుండా యూరియాను వెదజల్లే పద్ధతిని అనుసరించడం" అన్నంతవరకూ ఆయన చెవిన పడింది. అక్కడ ఆవు అరిచిందో, ఎవరైనా పలకరించారో. మిగతాది పోయింది. కొత్త పద్ధతి కాబోలు, మావాడు చెప్పాడు అనుకున్నారు. మర్నాడు మోకాలి లోతు నీళ్లలో యూరియా చల్లారు. ఆ రాత్రే వాన. గట్టు పొర్లి నీళ్లూ యూరియా పక్క గెడ్డలో కలిశాయి.

పది పన్నెండు రోజులకి నేను ఊరెళ్లాను. పక్క మడి నల్లగా నిగనిగలాడుతోంది. మనది కింది ఆకుల నుంచి పసుపు తిరిగింది. ఏమైందని అడిగితే ఆయన కోప్పడలేదు. "నువ్వు చెప్పినట్టే చేశానురా" అన్నారు. అంతే. ఆ మాట చెప్పి గోచీ సర్దుకుని పొలంలోకి దిగిపోయారు.

ఇందులో తప్పెక్కడుందో చూడు. చేయకూడనిది ముందు చెప్పాను, చేయాల్సింది వెనక. పైగా తెలుగులో క్రియ చివర్న వస్తుంది. అసలు మాట వచ్చేదాకా వినేవాడు మొదటి ముక్కలన్నీ బుర్రలో మోస్తూ ఉండాలి. చదివేవాడికైతే పర్వాలేదు, కన్ను వెనక్కి పోయి చూసుకుంటుంది. చెవి వెనక్కి పోలేదు. ఆ వాక్యాన్ని తర్వాత ఇలా తిరగరాశాను:

"యూరియా వేసే ముందు మడిలో నీళ్లు తీసేయండి. పూర్తిగా తీసేయండి. బురద పదును మిగిలితే చాలు. అప్పుడు చల్లండి. ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులు ఆగి, పలచగా నీళ్లు పెట్టండి."

నీళ్లు తీసేయమన్న మాట రెండుసార్లు వచ్చింది చూశావా? కాగితం మీద అది దండగ. చెవికి మాత్రం కావాలి. మొదటిసారి ఆవు అరిచినా రెండోసారి వినబడుతుంది. మా చిన్నప్పుడు జముకుల కథ చెప్పేవాళ్లు ఒక చరణం పాడి ఆగేవాళ్లు, వంత అందుకునేది. ఆ వంత సాగేలోపు ముందు విన్నది మనసులో కుదురుకునేది. నీకు వంత లేదు, కాబట్టి ఆ ఖాళీ నువ్వే వదలాలి.

ఇప్పుడు నీ స్క్రిప్టు. "వంశధార నదీ తీరాన వెలసిన, తూర్పు గంగ రాజులకు రాజధానిగా విలసిల్లిన కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన శ్రీముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కలవు" అని రాశావు. ఊరి పేరు వచ్చేసరికి నాకు ఊపిరి అయిపోయింది. వెలసిన, విలసిల్లిన, గుర్తించిన అని మూడు మాటలు ఊరికి ముందు రైలుపెట్టెల్లా తగిలించావు. ఇంజను చివర్న ఉంది. వాటిని విడదీయి:

"వంశధార ఒడ్డున ఒక ఊరు. శ్రీముఖలింగం. ఒకప్పుడు ఇది రాజధాని. పేరు కళింగనగరం. తూర్పు గంగ రాజులు ఇక్కడి నుంచి కళింగాన్ని ఏలారు. ఇప్పుడు ఆ వీధుల్లో నడిస్తే మనకి ఎదురయ్యేవి మూడు గుళ్లు: మధుకేశ్వరుడిది, భీమేశ్వరుడిది, సోమేశ్వరుడిది."

పొట్టి వాక్యాలు వరసగా నాలుగైదు పడ్డాక ఒక పొడుగుది వదిలాను, గమనించు. అన్నీ పొట్టివే అయితే సుత్తితో మేకులు కొట్టినట్టుంటుంది. పొడుగు వాక్యం వచ్చినా ఫర్వాలేదు, కాకపోతే విన్న ముక్క విన్నట్టే అర్థం కావాలి, చివరిదాకా ఆగాల్సిన పని ఉండకూడదు. "కలవు" తీసేయి. మీ అమ్మతో మాట్లాడేటప్పుడు కలవు అంటావా? ఇంకోచోట "పైన చెప్పిన రాజు" అన్నావు. వినేవాడికి పైనా కిందా ఉండవు తల్లీ, రాజు పేరు మళ్లీ చెప్పు. బ్రాకెట్లో పెట్టిన సంవత్సరాలు కూడా వినబడవు. కావాలంటే వాక్యంలోకి తీసుకురా, లేదా వదిలేయి.

పరీక్ష ఎలాగంటే, మొదటిసారి ఒక్కదానివే నిలబడి పైకి చదువు, చేతిలో పెన్సిల్ పెట్టుకుని. నాలుక తడబడ్డచోట గీత, ఊపిరి చాలనిచోట చుక్క. అక్కడ ఆగి దిద్దకు, చదువుతూ పో. ఒకేచోట రెండుసార్లు తడబడితే తప్పు నీది కాదు, ఆ మాటది. మాట మార్చు. నా బోటివాళ్లు గొంతుని సాధన చేయించి ఆ మాటనే నెగ్గాలని చూస్తారు. రికార్డింగ్‌లో ఆ కష్టం తెలిసిపోతుంది. చదివేటప్పుడు టైము చూసుకో. నేను తీరిగ్గా చదివితే నిమిషానికి వంద మాటలు దాటవు. నీ స్క్రిప్టు వెయ్యి మాటలుంది, మీ అమ్మతో ఐదు నిమిషాలన్నావట!

రెండోసారి ఎవరికైనా వినిపించు. కాగితం వాళ్లకి ఇవ్వకు. ఊరికే కూర్చోబెట్టకు కూడా, ఏదో పని చేసుకుంటూ వినాలి. అయ్యాక "బావుందా?" అని అడక్కు, బావుందనే అంటారు. "ఏం విన్నావు?" అని అడుగు. వాళ్లు తప్పు చెబితే వివరించడం మొదలుపెట్టకు. వివరించడానికి వినేవాళ్లందరి పక్కనా నువ్వు ఉండవు. ఆ వాక్యం తిరగరాయి. నేను ఆ ఒక్క ప్రశ్న మీ తాతయ్యని ముందే అడిగి ఉంటే ఆ మడి పచ్చగా ఉండేది.

కోప్పడ్డానని అనుకోకు. ముఖలింగం గురించి మనింటి పిల్ల చెబుతోందంటే నా మనసెంత పొంగిపోయిందో రాయడం చేతకాక ఇవన్నీ రాశాను. రికార్డ్ చేసే ముందు వచ్చే శనివారం శ్రీకాకుళం వచ్చేయి. మీ అత్తయ్య వంటింట్లో పోపు వేసేటప్పుడు గుమ్మంలో నిలబడి చదువు. ఆవిడకి ఈమధ్య ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదు. అటువైపే నిలబడు.

మీ మావయ్య