మూడు నెలలు మొరాయించిన సాఫ్ట్‌వేర్: క్రెడిట్ కోరుతూ నోటీసు ఎలా?

ప్రశ్న: మాది రొయ్యల కొనుగోలు వ్యాపారం. తూకం, బిల్లుల సాఫ్ట్‌వేర్‌కు నెలకు రూ.40,000 కడుతున్నాం. నెలలో కనీసం 99.5 శాతం సమయం పనిచేయకపోతే క్రెడిట్, అంటే బిల్లులో తగ్గింపు, ఇస్తామని ఒప్పందంలో రాశారు. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ తప్పారు. ఏప్రిల్‌ది ఫోన్లో, మే నెలది జూన్ 12న ఈమెయిల్‌లో అడిగాం. జూన్‌లో మొత్తం 9 గంటలు ఆగింది. నోటీసు ఎలా ఇవ్వాలి? జూలై బిల్లు ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఉండి

జవాబు: మీరు జతచేసిన ఒప్పందం ప్రతి చదివాను. మీ నోటీసుకు బలం ఆగ్రహం వల్ల రాదు, నిమిషాల లెక్క వల్ల వస్తుంది. కాబట్టి ముందు జూన్ సంగతే చూద్దాం. ముప్పై రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి. అందులో అర శాతం, అంటే 216 నిమిషాల వరకు సేవ ఆగినా వారు మాట తప్పినట్లు కాదు. మీకు ఆగినది 540 నిమిషాలు కనుక పనిచేసిన సమయం 98.75 శాతానికి పడిపోయింది. ఒప్పందం ప్రకారం 99 శాతం కంటే తగ్గితే నెల రుసుములో 10 శాతం, 99కీ 99.5కీ మధ్య ఉంటే 5 శాతం క్రెడిట్ రావాలి.

అసలు పేచీ ఇక్కడే ఉంది. జూన్ 14న ఆగిన రెండు గంటలు ముందే ప్రకటించిన మరమ్మతు సమయమని వారు అంటున్నారు. ఆ 120 నిమిషాలు తీసేస్తే మిగిలేది 420, శాతం 99.03, మీకు వచ్చేది రూ.4,000 కాక రూ.2,000 అవుతుంది. అయితే మరమ్మతుకు 48 గంటల ముందు ఈమెయిల్ పంపాలనీ, అది అర్ధరాత్రి 12 నుంచి 4 గంటల లోపే జరగాలనీ అదే ఒప్పందం చెబుతోంది. మీకు ఈమెయిల్ వచ్చింది ముందురోజు సాయంత్రం, సేవ ఆగింది తెల్లవారుజామున 5 గంటలకు, సరిగ్గా చెరువుల దగ్గర పట్టుబడి జరిగే వేళ. రెండు షరతులూ తప్పాయి కనుక ఆ సమయాన్ని మినహాయించడం కుదరదని నా అభిప్రాయం. ఆ ఈమెయిల్‌ను తేదీ, సమయం కనిపించేలా నోటీసుకు జతచేయండి. మీ ఊళ్లో కరెంటు పోయిన, మీ ఇంటర్నెట్ తెగిన నిమిషాలను మాత్రం మీరే ముందుగా తీసేయండి; అలాంటిది ఒక్కటి దొరికినా వారు మొత్తం లెక్కనే శంకిస్తారు.

గడువు మరో చిక్కు. నెల ముగిసిన 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా కోరకపోతే క్రెడిట్ హక్కు పోతుందని షరతు ఉంది. జూన్‌కు జూలై 30 వరకు సమయముంది. మే నెలకు జూన్ 12 నాటి ఈమెయిల్ సరిపోతుంది, ఎందుకంటే నోటీసు షరతులో ఈమెయిల్‌ను కూడా ఒప్పుకున్నారు. ఏప్రిల్ కోరిక ఫోన్లోనే ఆగిపోయింది కనుక అది బలహీనం. గడువు దాటగానే హక్కు రద్దవుతుందనే షరతు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ఆధారంగా వాదించవచ్చు. కానీ గడువులోగా కోరడం క్రెడిట్ పుట్టడానికే ముందు షరతని అవతలి వారు అంటారు. కాబట్టి ఏప్రిల్‌ను నోటీసులో విడి పేరాగా పెట్టండి, మిగతా రెండు నెలలతో కలపకండి.

జూలై బిల్లును ఆపవద్దు. క్రెడిట్‌ను తర్వాతి బిల్లులో వారే తగ్గించాలని ఒప్పందంలో ఉండగా, మీకు మీరు కోసుకుంటే బకాయి పడ్డారని సేవ నిలిపేసే అవకాశం వారికి ఇచ్చినట్లవుతుంది. అభ్యంతరంతో చెల్లిస్తున్నామని రాసి కట్టండి.

తూకం ఆలస్యమై ఐసు కరిగి సరుకు కౌంటు ధర తగ్గిందన్న నష్టాన్ని ఈ నోటీసులో కలపకండి. క్రెడిటే ఏకైక పరిహారమని మీరు సంతకం చేసిన షరతును దాటడం కష్టం. మీకు అంతకంటే విలువైనది మరొకటి ఉంది: వరుసగా మూడు నెలలు ప్రమాణం తప్పితే జరిమానా లేకుండా ఒప్పందం ముగించే హక్కు. దాన్ని ఇప్పుడే వాడనక్కర్లేదు గానీ, వదులుకోలేదని నోటీసులో చెప్పాలి. నోటీసు సారాంశం ఇలా ఉండవచ్చు:

"జూన్ నెలలో మీ సేవ, జతచేసిన పట్టికలోని తేదీలు, సమయాల ప్రకారం 540 నిమిషాలు అందుబాటులో లేదు. ఒప్పందంలోని క్రెడిట్ షరతు మేరకు రూ.4,000ను తర్వాతి బిల్లులో తగ్గించి, క్రెడిట్ నోటు జారీ చేయవలసిందిగా కోరుతున్నాము. ఒప్పందం ముగించే హక్కుతో సహా మా ఇతర హక్కులను వదులుకోవడం లేదు."

మే నెలకు ఇదే తీరులో మరో పేరా రాసి, ఒప్పందంలో పేర్కొన్న చిరునామాకూ ఈమెయిల్‌కూ రెండింటికీ పంపండి. సేల్స్ ప్రతినిధి వాట్సాప్‌కు పంపినది నోటీసు కాదు. ఒప్పందం ఇచ్చిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, కోరుతూ 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ కింద మరో నోటీసు విడిగా ఇవ్వాలి.