డార్మెంట్ ఖాతా ఫారం: సంతకం ఎక్కడ తేడా కొడుతుంది?

ప్రశ్న: "అమ్మానాన్నల జాయింట్ సేవింగ్స్ ఖాతా మూడేళ్లుగా వాడలేదు, డార్మెంట్ అయింది. తిరిగి తెరవమని ఫారం నింపి ఇస్తే సంతకం కలవలేదని తిప్పి పంపారు. మళ్లీ ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి?"

జవాబు: ముందు సంతకం సంగతి. కౌంటర్లో వాళ్లు పోల్చేది పాన్ కార్డుతో కాదు, ఖాతా తెరిచిన రోజు ఇచ్చి, సిస్టమ్‌లో స్కాన్ చేసి ఉంచిన నమూనా సంతకంతో. అప్పుడు తెలుగులో పెట్టి ఇప్పుడు ఇంగ్లీషులో పెట్టినా, ఇంటిపేరు పొడి అక్షరం కొత్తగా చేర్చినా కలవదు. చేయి కాస్త వణికినా, అక్షరాల కలయిక, వాలు, చివరి గీత అవే అయితే చాలామంది ఆఫీసర్లు ఒప్పుకుంటారు. పాతదాన్ని చూసి నెమ్మదిగా గీసిన సంతకమే అనుమానం తెప్పిస్తుంది. గీత మధ్యలో ఆగి మళ్లీ మొదలైనట్టు ఇట్టే కనబడిపోతుంది.

నాన్నగారి సంతకం నిజంగానే మారిపోయి ఉంటే పాతది తెచ్చిపెట్టుకోవద్దు. బ్రాంచికి స్వయంగా వెళ్లి, సంతకం మార్పు అర్జీ కూడా ఇచ్చి, ఆఫీసర్ ఎదుటే కొత్త నమూనా పెట్టాలి. దానికి ఫోటో, సంతకం రెండూ ఉన్న గుర్తింపు కావాలి. ఆధార్‌లో సంతకం ఉండదు కాబట్టి పాన్ కార్డో పాస్‌పోర్టో తీసుకెళ్లండి. అసలు సంతకం పెట్టలేని పరిస్థితైతే వేలిముద్ర, సాక్షి పద్ధతి ఉంది, బ్రాంచిలో అడగండి.

తర్వాత ఫారం. "ఇద్దరిలో ఎవరైనా" అని ఉన్న ఖాతాకూ, తిరిగి తెరవడానికి చాలా బ్యాంకులు ఇద్దరి సంతకాలూ, ఇద్దరి కేవైసీ అడుగుతాయి. అమ్మగారి గడి ఖాళీగా వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఆధార్, పాన్ నకళ్ల మీద ఎవరిది వాళ్లే సంతకం చేయాలి, అదీ ఫారంలో పెట్టినట్టే. అమ్మగారి నకలు మీద నాన్నగారు పెట్టేస్తే ఆ కాగితం పనికిరాదు. పాన్ లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం బ్రాంచిలో అడిగి జతచేయండి.

పేరు కూడా అక్షరం అక్షరం చూడండి. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే, రెండూ ఒకరివేనని ఒక లేఖ రాసి జతచేయడం మేలు. తేడా అంతకన్నా పెద్దదైతే ముందు ఆధార్ సరిచేయించుకోవాలి. చిరునామా మారిందా? ఫారంలో కొత్తది రాసి, దానికి రుజువు పెట్టండి. దిద్దుబాటు ఉన్నచోట వైట్‌నర్ వాడకుండా, కొట్టేసి పక్కనే పూర్తి సంతకం చేయాలి.

ఖర్చేమీ ఉండదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము తీసుకోకూడదు. కాగితాలన్నీ సక్రమంగా అందిన తర్వాత మూడు పనిదినాల్లో తెరవాలి. అందుకే తేదీ, ముద్రతో రసీదు అడిగి తీసుకోండి. తెరుచుకున్నాక, మళ్లీ డార్మెంట్ కాకుండా, వంద రూపాయలైనా జమచేయండి. బ్యాంకు వేసే వడ్డీని మీ లావాదేవీగా లెక్కపెట్టరు.