షోరూమ్ గేటు దాటకముందే కవర్ నోట్

ప్రశ్న: శుక్రవారం మా అమ్మాయి సీమంతం. ఆ రోజుకి కొత్త కారు ఇంటికి రావాలని మా ఆవిడ ఆశ. ఇన్సూరెన్స్‌తో సహా డబ్బంతా డీలర్‌కి కట్టేశాను, ఇన్వాయిస్ ఇచ్చారు. పాలసీ అడిగితే, నంబరు వచ్చాకే వస్తుంది, ముందు బండి తీసుకెళ్ళండి అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. కవర్ నోట్ అడగవచ్చా? ఎలా అడగాలి?

జవాబు: డీలర్ మీకు వరుస తిరగేసి చెప్పారు. బీమా ఉంటేనే రిజిస్ట్రేషన్ అవుతుంది. నంబరు లేని బండికి ఇన్వాయిస్‌లోని ఛాసిస్, ఇంజిన్ నంబర్ల మీదే బీమా రాస్తారు. పాలసీ వచ్చేదాకా బీమా కంపెనీ ఇచ్చే తాత్కాలిక పత్రమే కవర్ నోట్, అది అడగడం మీ హక్కు. చట్టం దృష్టిలో అదీ బీమా సర్టిఫికెట్టే. దాని గడువు 60 రోజులు, ఈలోపు కంపెనీ అసలు పాలసీ ఇవ్వాలి. ఇప్పుడు చాలా కంపెనీలు నేరుగా పాలసీయే ఇచ్చేస్తున్నాయి, అదైతే ఇంకా మంచిది.

మీ విషయంలో తేలాల్సింది ఒక్కటే: ప్రీమియం బీమా కంపెనీకి ఎప్పుడు చేరింది? 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం అందకుండా కంపెనీ మీద బాధ్యత పడదు. డీలర్ చేతిలో పెట్టిన డబ్బు కంపెనీకి చేరినట్టు కాదు. లక్షలు కట్టి, కంపెనీ ఇచ్చే ప్రీమియం రసీదు ఒక్కటీ అడగకుండా వచ్చారంటే ఏమనాలి?

లేఖ డీలర్‌కి కాదు, బీమా కంపెనీ బ్రాంచికి ఈమెయిల్‌లో పంపండి. తేదీ, సమయం దానంతటదే రికార్డవుతుంది. ఇన్వాయిస్‌లో ఉన్నట్టే మీ పేరు, ఇన్వాయిస్ నంబరు, తేదీ, ధర, డీలర్ పేరు, చిరునామా, మోడల్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, అప్పుంటే బ్యాంకు పేరు రాయండి. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదని, నంబరు రాగానే తెలుపుతానని చేర్చండి. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి రక్షణ కావాలో స్పష్టంగా అడగండి. ఇన్వాయిస్, చెల్లింపు రసీదు జతచేయండి. ఛాసిస్ నంబరు మాత్రం కాగితం చూసి కాదు, బండి మీద చూసి సరిపోల్చుకోండి. ఒక్క అంకె తప్పినా అది మీ బండే అని నిరూపించుకుంటూ తిరగాలి.

'ఏదైనా అయితే పాత తేదీతో పాలసీ చేయిస్తాం' అని షోరూమ్‌లో ఎవరైనా అంటే అక్కడే ఆగండి. ప్రీమియం ఎన్ని గంటలకు అందిందో కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. సాయంత్రం 5కి ప్రమాదం, 6కి పాలసీ అయితే నష్టపరిహారం మీ జేబులోంచే పోతుంది, పైగా మోసం కేసు. సీమంతానికి ఆటోలో వెళ్ళినా ఏమీ కాదు.

కవర్ నోట్ వచ్చినా టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, లేకుండా బండి రోడ్డెక్కించకండి, టీఆర్ గడువు దాటనివ్వకండి. సుశీల్ కుమార్ గోదారా కేసులో టీఆర్ గడువు 2011 జూలై 19తో ముగిసింది, బండి 28న చోరీ అయింది. బీమా అమల్లో ఉన్నా క్లెయిమ్ చెల్లదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. గురువారం సాయంత్రంలోగా కవర్ నోట్, టీఆర్ రెండూ చేతికి రాకపోతే డెలివరీ తీసుకోవద్దు. ఆలస్యానికి కారణం రాసివ్వమని డీలర్‌కి ఈమెయిల్ పెట్టి, దాని కాపీ దాచుకోండి.