యాక్సెస్ స్విచ్ అప్‌లింక్: 20:1 లెక్కలో పైన ఏం వేయాలి, కింద ఏం వేయాలి?

ప్రశ్న: మా ఆఫీసు మూడు అంతస్తులు. ఒక్కో అంతస్తులో 48 పోర్టుల గిగాబిట్ స్విచ్‌లు రెండు స్టాక్‌లో ఉన్నాయి. అక్కణ్ణుంచి, అంతస్తులన్నిటినీ కలిపే డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లకి 1జి అప్‌లింకులు రెండు. ఇప్పుడు అంతస్తుకి 50 మంది, రెండేళ్లలో 110 అవుతారు. యూజర్ల పోర్టుల మొత్తం వేగాన్ని అప్‌లింకుల మొత్తం వేగంతో భాగిస్తే 20:1 దాటకూడదంటారు, నాకేమో 48:1 వస్తోంది. కానీ నెట్ బాగానే నడుస్తోంది. లెక్క తప్పా, అప్‌లింక్ తప్పా?

జవాబు: రెండూ కొంచెం కొంచెం తప్పే. 96ని 2తో భాగించారు కదా, అందులో 96 సరికాదు, 2 కూడా నమ్మదగ్గది కాదు.

పైన వేయాల్సింది స్విచ్‌కి ఉన్న పోర్టులు కాదు, పోర్టును నింపగల పరికరాలు. 50 పీసీలు, 6 యాక్సెస్ పాయింట్లు అనుకుంటే 56జి. పీసీ ఐపీ ఫోన్ వెనక ఉంటే రెండూ కలిపి ఒక్క పోర్టే. సీసీ కెమెరాలను గిగాబిట్ కింద లెక్కేయకండి. ఒక్కోటి 6 ఎంబీపీఎస్ పంపితే ఎనిమిది కలిపినా 50 దాటవు. ప్రింటర్లను వదిలేయండి.

కింద వేయాల్సింది నిజంగా ట్రాఫిక్ మోసే అప్‌లింకులు. మీ రెండు ఫైబర్లు రెండు విడి డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లకు వెళ్తూ, వీలాన్లు రెండిటి మీదా సాగుతుంటే, లూపు పడకుండా చూసే స్పానింగ్ ట్రీ ఒకదాన్ని బ్లాక్ చేసి ఉంటుంది. అప్పుడు మీది 56:1. డిస్ట్రిబ్యూషన్ కూడా స్టాక్ అయి, రెండు లింకులూ ఒక్కటిగా పనిచేసే ఎల్ఏసీపీ బండిల్‌లో ఉంటే 28:1. అందులో ఒక ఫైబర్ తెగితే మళ్లీ 56:1. కాబట్టి డిజైన్ కాగితం మీద ఎప్పుడూ రెండు నంబర్లు రాయండి: అన్నీ బాగున్నప్పటిది, ఒక లింకు పోయినప్పటిది. రెండోదాన్ని బట్టే కొనాలి.

ఇక 56:1 దగ్గర కూడా నెట్ ఎందుకు బాగుందంటే, ఇంటర్నెట్ లైనే ట్రాఫిక్‌కి కళ్లెం వేస్తోంది. లైను 500 ఎంబీపీఎస్ అయితే మూడు అంతస్తులూ కలిసి లాగినా 500 దాటదు, 1జి అప్‌లింక్ సగం ఖాళీ. అప్‌లింక్‌ను నింపేది ఆఫీసులోనే తిరిగే ట్రాఫిక్: ఫైల్ సర్వర్, ఎన్ఏఎస్, బ్యాకప్, కొత్త లాప్‌టాప్‌లకు విండోస్ ఇమేజ్ వేయడం. ఒకరే 6 జీబీ ఫైలు తెచ్చుకుంటే 1జి మీద సుమారు 48 సెకన్లు. అదే ఫైలు పదిమంది ఒకేసారి తెరిస్తే అదే లింకు మీద 8 నిమిషాలు. 20:1 అన్నది సిస్కో క్యాంపస్ డిజైన్ గైడ్లు చెప్పే మోటు లెక్క. అందరూ ఒకే క్షణంలో లాగరన్న ఊహ మీద నిలబడింది. అకౌంట్స్, హెచ్ఆర్ ఉన్న అంతస్తుకి అది ధారాళం. వీడియో ఎడిటింగ్ టీమ్ కూర్చున్న అంతస్తుకి చాలదు.

రెండేళ్ల తర్వాతి అంతస్తును చూద్దాం. 110 పీసీలు, 2.5జి పోర్టు ఉన్న యాక్సెస్ పాయింట్లు 8:

```
(110 x 1) + (8 x 2.5) = 130 Gbps
2 x 10G :  130 / 20 = 6.5:1    (1 link down: 13:1)
4 x 1G  :  130 / 4  = 32.5:1   (1 link down: 43:1)
```

అందుకే 10జి రెండు. మూడో స్విచ్ ఎలాగూ వస్తుంది, దాన్ని స్టాక్ కేబుల్‌తోనే కలపండి. తొందర్లో మామూలు ప్యాచ్ కార్డుతో పక్క స్విచ్ పోర్టుకి తగిలిస్తే దాని 48 పోర్టులూ ముందు ఆ ఒక్క గిగాబిట్‌లో దూరాలి. పైన 10జి పెట్టినా ఆ స్విచ్ వాళ్లకు 48:1 అలాగే ఉంటుంది. రెండు అప్‌లింకులూ స్టాక్‌లో వేర్వేరు స్విచ్‌ల నుంచి తీయండి, లేదంటే ఒక పవర్ సప్లై పోతే అంతస్తంతా పోతుంది.

నాలుగు 1జి కలిపితే 4జి వస్తుంది కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మొత్తమ్మీద వస్తుంది గానీ ఏ ఒక్కరికీ రాదు. బండిల్‌లో ఒక ఫ్లో, అంటే ఇద్దరి మధ్య సాగే ఒక ట్రాఫిక్ ధార, ఒక్క లింకు మీదే నడుస్తుంది, ఏ లింకన్నది ప్యాకెట్ చిరునామాల నుంచి లెక్కగట్టే హ్యాష్ తేలుస్తుంది. ఇక్కడో గుంట ఉంది. చాలా పాత సిస్కో క్యాటలిస్ట్ మోడళ్లలో హ్యాష్ డిఫాల్టుగా సోర్స్ మ్యాక్ మీద ఉంటుంది. వీలాన్ గేట్‌వే డిస్ట్రిబ్యూషన్‌లో ఉంటే, వేరే వీలాన్ల నుంచి యూజర్లకు దిగే ప్రతి ప్యాకెట్‌కీ సోర్స్ మ్యాక్ ఆ గేట్‌వేదే. కాబట్టి ఆ వీలాన్ ట్రాఫిక్ అంతా ఒకే లింకులో దిగుతుంది, మిగతా లింకులు ఖాళీగా మెరుస్తుంటాయి. పైకి వెళ్లే దిశలో మాత్రం చక్కగా పంచుకుంటుంది. అందుకే యాక్సెస్ వైపు గ్రాఫు చూసి అంతా బాగుందనుకుంటారు. ఎవరు పంపుతారో వాళ్ల హ్యాషే పనిచేస్తుంది గనక డిస్ట్రిబ్యూషన్ మీద మార్చాలి:

```
show etherchannel load-balance
configure terminal
 port-channel load-balance src-dst-ip
```

ఇది స్విచ్ మొత్తానికి వర్తించే సెట్టింగ్, ఆఫీసు అయ్యాక మార్చండి.

కొలిచేటప్పుడు కూడా ఇదే దిశ గుర్తుంచుకోండి. ఆఫీసు ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం కిందికి దిగేదే. అప్‌లింక్ ఇరుకైతే ప్యాకెట్లు రాలేది డిస్ట్రిబ్యూషన్ స్విచ్ పోర్టు అవుట్‌పుట్ క్యూలో. యాక్సెస్ స్విచ్‌లో ఎంత వెతికినా ఆ డ్రాప్స్ కనపడవు. డిస్ట్రిబ్యూషన్‌లో, ఆ అంతస్తుకి దిగే పోర్టు మీద:

```
configure terminal
interface Gi1/0/1
 load-interval 30
end
clear counters Gi1/0/1
show interfaces Gi1/0/1 | include rate|drops
```

డిఫాల్టుగా చూపించే రేటు 5 నిమిషాల సగటు. అది 300 ఎంబీపీఎస్ అంటున్నా, మధ్యలో లింకు నిండిపోయిన క్షణాలు అందులో కలిసిపోతాయి. రేటు తక్కువగా ఉండి `Total output drops` పెరుగుతుంటే అదే జరుగుతోందని అర్థం. రోజూ ఉదయం అందరూ లాగిన్ అయ్యే వేళ, బ్యాకప్ వేళ చూడండి. ఎస్ఎన్ఎంపీ గ్రాఫు అయితే `ifHCOutOctets` తీసుకోండి. పాత 32 బిట్ల కౌంటర్ నిండు గిగాబిట్ మీద 34 సెకన్లకే సున్నాకి తిరుగుతుంది, నిమిషానికోసారి చదివే గ్రాఫు తప్పు చెబుతుంది. 10జి పెట్టాక కూడా డ్రాప్స్ ఉంటే యూజర్ పోర్టులు చూడండి. 10జి నుంచి వచ్చిన వరద 1జి పోర్టు బఫర్‌లో పట్టక అక్కడ రాలుతుంటుంది. దానికి అప్‌లింక్ పెంచినా లాభం లేదు.

ఆర్డర్ పెట్టేముందు మీ స్విచ్‌ల అప్‌లింక్ రంధ్రాలు ఎస్ఎఫ్‌పీనా, ఎస్ఎఫ్‌పీ ప్లస్సా అన్నది మోడల్ నంబరుతో సరిచూడండి. చూడ్డానికి రెండూ ఒకటే, కానీ ఎస్ఎఫ్‌పీలో 10జి మాడ్యూల్ పనిచేయదు. ఫైబర్ ఓఎం3 అయితే 10జి ఎస్ఆర్ 300 మీటర్లు వెళ్తుంది, ఏ బిల్డింగుకైనా చాలు. నారింజ రంగు పాత ఓఎం1 అయితే 33 మీటర్లే, పై అంతస్తు ర్యాక్ వరకూ అందుతుందో లేదో టేపు పెట్టి కొలవాల్సిందే.

ఇంకొకటి, ఎన్ఏఎస్ ఏ పోర్టులో ఉంది? అది 1జిలో ఉంటే మూడు అంతస్తులకు 10జి అప్‌లింకులు వేసినా ఆ పదిమంది ఫైలుకి 8 నిమిషాలే పడుతుంది. బడ్జెట్ ఒకేసారి రాకపోతే, ముందు డిస్ట్రిబ్యూషన్ పోర్టుల్లో డ్రాప్స్ ఎక్కడ ఉన్నాయో చూడండి. డ్రాప్స్ ఎన్ఏఎస్‌కి వెళ్లే లింకు దగ్గరే కనిపించి, లేదా ఆ లింకు గిగాబిట్ దగ్గర ఆగిపోయి, అంతస్తు లింకులు ఖాళీగా ఉంటే మొదటి రెండు 10జి మాడ్యూళ్లు అక్కడికే వెళ్లాలి.