2500 బడ్జెట్‌లో మైక్ ముందా, లైట్ ముందా? బోర్డు క్లాసులు తీసేవాళ్ళకి

ప్రశ్న: మాది గుంటూరు అండి. ఇంటర్ పిల్లలకి అకౌంట్స్ క్లాసులు వైట్‌బోర్డు మీద చెప్తూ ఫోన్‌తో తీస్తున్నా. 2500 దాకా పెట్టగలను. ముందు మైక్ కొనాలా, లైట్ కొనాలా? రింగ్ లైట్ తీసుకోమంటున్నారు అందరూ.

ముందు మైకే అండి, అనుమానం లేదు. నేను విజయవాడలో టెన్త్ లెక్కలు చెప్తూ వీడియోలు తీస్తా, మీలాగే ఫోనూ బోర్డూ, అందుకే గట్టిగా చెప్తున్నా. బొమ్మ కాస్త డల్‌గా ఉన్నా బోర్డు మీద అక్షరం కనపడితే పిల్లలు చూస్తారు, మాట గదిలో మోగుతూ వస్తే మాత్రం జర్నల్ ఎంట్రీ సగంలో ఉండగానే వీడియో ఆపేస్తారు.

బోర్డు మొత్తం ఫ్రేమ్‌లో పట్టాలంటే ఫోన్ మీకు కనీసం ఆరడుగుల దూరంలో పెట్టాలి కదా. అంత దూరం నుంచి ఫోన్‌లో ఉన్న మైక్ మీ గొంతుతో పాటు గోడలకి తగిలి తిరిగొచ్చే మోత, ఫ్యాన్ హోరు అన్నీ ఇంచుమించు ఒకే స్థాయిలో పట్టుకుంటది. అదే కాలర్ మైక్ అయితే నోటికి అరడుగు దూరంలో ఉంటది, అంటే 12 రెట్లు దగ్గర, కాబట్టి మీ మాట చాలా గట్టిగా పడి మిగతావన్నీ వెనక్కి పోతాయి. తేడా అంతా ఈ దూరంలోనే ఉంది, మైక్ ఖరీదులో కాదు, ఎంత ఖరీదు మైకైనా ఆరడుగుల దూరంలో పెడితే మళ్ళీ అదే కథ.

నేను వాడేది వైరు ఉన్న కాలర్ మైక్, బోయా BY-M1. 700 నుంచి 1000 మధ్యలో దొరికిద్ది, వైరు 6 మీటర్లు ఉంటది, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచినా చాలు. వైరు మధ్యలో చిన్న డబ్బా మీద స్విచ్ ఉంటది, ఫోన్‌కి వాడేటప్పుడు అది స్మార్ట్‌ఫోన్ వైపే ఉండాలి. కెమెరా వైపు పెడితేనే లోపలి బ్యాటరీ కావాలి, ఫోన్‌కి అక్కర్లేదు. 300, 400కి వచ్చే క్లిప్ వైర్‌లెస్ మైకులు చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ నేను విన్నవాటిలో చాలావరకు నాయిస్ తగ్గించే పేరుతో మాట చివర్లు కోసేస్తాయి, "డెబిట్" అంటే "డెబి" అని వినపడిద్ది. అకౌంట్స్ చెప్పేవాళ్ళకి అది అస్సలు కుదరదు.

మీ ఫోన్‌కి పాత గుండ్రటి జాక్ లేకపోతే సి టైప్ అడాప్టర్ కావాలి, ఇక్కడ జాగ్రత్త. కొన్ని అడాప్టర్లు పాటలు వినడానికే పనిచేస్తాయి, మైక్‌ని ఫోన్‌కి అందించవు, అందుకని షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి చూడండి. వీడియో రికార్డింగ్ ఆన్ చేసి ముందు కాలర్ మైక్‌ని వేలితో గీకండి, తర్వాత ఫోన్ కింద అంచుని గీకండి, రికార్డింగ్ ఆపి ఆ వీడియో పెట్టుకొని వినండి. మైక్ గీకింది గట్టిగా వినపడితే సరే, ఫోన్ గీకింది గట్టిగా వినపడితే ఫోన్ ఇంకా తన సొంత మైకే వాడుతున్నట్టు. కొన్ని ఫోన్లలో అడాప్టర్ బానే ఉన్నా కెమెరా యాప్ బయటి మైక్ తీసుకోదు, అప్పుడు Open Camera అనే ఉచిత యాప్ వేసి, వీడియో సెట్టింగుల్లో Audio source దగ్గర ఎక్స్‌టర్నల్ మైక్ పెట్టుకుంటే సరిపోయిద్ది.

మైక్‌ని నోటికి అరడుగు కింద తగిలించండి. మీరు రాసేటప్పుడు కుడివైపు తిరుగుతారా ఎడమవైపా చూసుకొని, ఆ పక్కకి కాస్త జరిపి పెట్టండి, లేకపోతే బోర్డు వైపు తిరిగినప్పుడల్లా మాట సన్నబడిపోయిద్ది. వైరుని క్లిప్ కింద ఒక చుట్టు చుట్టి వదిలితే లాగుడు చప్పుడు రాదు. మెళ్ళో గొలుసో, ఐడీ కార్డో ఉంటే మైక్‌కి తగిలి టిక్ టిక్‌మంటది, లోపలికి వేసేసుకోండి. ఇక ఫ్యాన్, మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపి క్లాసు చెప్పమని ఎవరికీ చెప్పను, కానీ సరిగ్గా దాని కింద నిలబడకండి, మైక్ మీద నురగ టోపీ తీయకండి.

మైక్ తర్వాత రెండో స్థానం నేను గదికే ఇస్తా, దీనికి పైసా ఖర్చు లేదు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి, టంగుమని మోగితే మీ మాట కూడా అలాగే మోగుతున్నట్టే. ఫోన్ వెనక, అంటే మీరు చెప్పేటప్పుడు మీకు ఎదురుగా ఉండే గోడకి, ఒక బొంతో మందపాటి దుప్పటో వేలాడదీసి మళ్ళీ కొట్టి చూడండి.

లైట్ మూడోది. రింగ్ లైట్ మీకొద్దు అండి, అది ముఖం దగ్గరగా పెట్టుకొని మాట్లాడేవాళ్ళకి. బోర్డుకి ఎదురుగా ఫోన్ చుట్టూ పెడితే ఆ రింగే బోర్డు మధ్యలో తెల్లగా మెరుస్తది, సరిగ్గా అక్కడే మీ బ్యాలెన్స్ షీటు ఉంటది. మీకు కావాల్సింది నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్, 250, 300లో వచ్చిద్ది. బోర్డుకి పక్కగా, తల కంటే ఎత్తులో, ఏటవాలుగా పెట్టండి. తర్వాత ఫోన్ ఉండే చోట మీ కన్ను పెట్టి బోర్డు చూడండి, మెరుపు ఎక్కడన్నా కనపడితే అది బోర్డు దాటి పోయేదాకా లైట్‌ని పక్కకి జరపండి. ఒకవైపు నీడ ఎక్కువైతే రెండో వైపు ఇంకోటి, కానీ రెండూ ఒకే రంగు తెలుపు ఉండాలి, ఒకటి పసుపు ఒకటి తెలుపు పెడితే ముఖం సగం సగం రంగులో వచ్చిద్ది.

అరండల్‌పేటలోనో మీ దగ్గర్లోనో ఏ ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళినా లైట్ వెలిగించమని ఫోన్ కెమెరా దాని వైపు పెట్టి చూడండి, నల్ల చారలు పాకుతుంటే ఇంకోటి చూపించమనండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటది, కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలుస్తది. ఫోన్‌లో ప్రో వీడియో ఉంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, చాలావరకు చారలు పోతాయి, 1/60 పెడితే మాత్రం తిరిగొస్తాయి.

ఇక మీ 2500 లెక్క: మైక్ 900, అడాప్టర్ 300, ఫోన్ స్టాండ్ 500, ఒక ట్యూబ్‌లైట్ వైరూ ప్లగ్గుతో కలిపి 350, మొత్తం 2050. మిగిలిన 450 ఇప్పుడే ఖర్చు పెట్టకండి, వారం తీశాక నీడ ఇబ్బంది పెడితే రెండో ట్యూబ్‌లైట్‌కి సరిపోతాయి.

చీరలో నగలో చూపించేవాళ్ళు అడిగుంటే వరస మార్చి లైటే ముందు చెప్పేవాణ్ణి, వాళ్ళకి రంగు తప్పు పడితే సరుకు వెనక్కొచ్చిద్ది. మీది బోర్డు పని కాబట్టి ఇంకొక్కటి చూసుకోండి, బోర్డు తెల్లదనం చూసి ఫోన్ తనంతట తానే వెలుతురు తగ్గించేస్తది, మీ ముఖం నల్లబడిపోయిద్ది. తీయడం మొదలెట్టే ముందు బోర్డు దగ్గర ఎవరినన్నా నిలబెట్టి వాళ్ళ ముఖం మీద స్క్రీన్‌ని నొక్కి పట్టుకుంటే లాక్ అయిద్ది, అప్పుడు మీరు అటూ ఇటూ నడిచినా వెలుతురు మారదు.