బి-రోల్ షాట్లలో రిటెన్షన్‌ను నిలిపినవాటిని గుర్తించడం

ప్రశ్న: నేను ప్రొడక్ట్ రివ్యూ వీడియోలు చేస్తాను. మధ్యమధ్యలో వేసే క్లోజప్‌లు, బి-రోల్ షాట్లలో ఏవి రిటెన్షన్ పెంచుతున్నాయో ఎలా తెలుసుకోవాలి? గ్రాఫ్‌లో పైకి లేచిన చోట ఉన్న షాటే మంచిదని అనుకోవచ్చా?

జవాబు: అలా అనుకోకూడదు. రిటెన్షన్ గీత మామూలుగా కిందికే జారుతుంది కాబట్టి, ఒక షాట్ పనిచేసిందనడానికి నమ్మదగిన గుర్తు గీత పైకి లేవడం కాదు, ఆ జారుడు నెమ్మదించి తరువాత కూడా గీత పాత అంచనా కంటే పైనే ఉండడం. అనంతపురంలో వ్యవసాయ పరికరాల రివ్యూలు చేస్తున్న నాకు ఈ తేడా ఒక బ్యాటరీ స్ప్రేయర్ వీడియోలో స్పష్టంగా కనిపించింది.

ఆ వీడియో నిడివి 10 నిమిషాలు. యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ నుంచి `audienceWatchRatio` తీసుకుంటే, వీడియో ఎంత పొడవున్నా దానిని 100 భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక విలువ ఇస్తుంది. కాబట్టి ఇక్కడ ఒక్కో బిందువు 6 సెకన్లకు సమానం. ఆ విలువలను శాతాలుగా మార్చి షీట్‌లో ఒక నిలువు వరుసలో పెట్టి, ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో రెండవ వీడియో ట్రాక్‌పై ఉన్న ప్రతి కట్‌అవే మొదలైన, ముగిసిన సమయాలను పక్కన రాసుకున్నాను. కట్‌అవేలన్నీ ఒకే ట్రాక్‌పై ఉంచే అలవాటుంటే ఈ పని చాలా తేలిక.

అందరి కన్నూ పడేది 4:12 దగ్గర వేసిన నాజిల్ క్లోజప్ మీదే. అక్కడ గీత 43 శాతం నుంచి 47కు లేచింది. అయితే అంతకుముందు అది బిందువుకు అర శాతం చొప్పున తగ్గుతోంది. అదే వాలును 48వ బిందువు వరకు పొడిగిస్తే 40 శాతం రావాలి, వచ్చింది కూడా సరిగ్గా 40. అంటే షాట్ ముగిసేసరికి అదనంగా మిగిలిన ప్రేక్షకులెవరూ లేరు. నాజిల్ పక్కన ప్రెషర్, లీటర్ల అంకెలు చిన్న అక్షరాలతో రెండు సెకన్లే కనిపించాయి, చూసేవారు చదువుకోవడానికి వెనక్కి జరుపుకున్నారు. ఒకే మనిషి రెండుసార్లు చూసినా ఆ విలువ పెరుగుతుంది. తరువాతి వీడియోలో అవే అంకెలను పెద్దవిగా, ఎక్కువసేపు ఉంచితే ఆ గుబ్బ కనిపించలేదు, ముందుకు సాగిన వాలులో మాత్రం మార్పు లేదు.

గుబ్బకు ముందు గీత తన వాలు కంటే కిందికి పడి ఆ తరువాత లేస్తే, అది వెనక్కి జరుపుకోవడం కాకపోవచ్చు. ముందున్న మాటలను దాటవేసి జనం అక్కడికి దూకారని అర్థం. చాప్టర్ మొదలయ్యే చోట ఇది తరచుగా కనిపిస్తుంది, కాబట్టి ఆ ఘనతను అక్కడున్న షాట్‌కు కట్టబెట్టకూడదు.

అసలు పనిచేసిన షాట్ 7:00 నుంచి 7:36 వరకు ఉన్నది, గ్రాఫ్‌లో ఎవరూ గమనించనిది. వేరుశనగ చేనులో సాలు వెంట నడుస్తూ మందు కొడుతున్న మనిషి, మోటారు శబ్దం, ట్యాంకు అడుగంటుతున్నా తగ్గని జల్లు. అంతా కోత లేని ఒకే షాట్. అప్పటివరకు బిందువుకు 0.6 శాతం పడుతున్న గీత అక్కడ 0.2 చొప్పునే పడింది. ముందున్న 7 బిందువులను ఆధారంగా తీసుకుని 82వ బిందువు దగ్గర ఎంత ఉండాలో ఇలా లెక్కించాను. మొదటి అడ్డు వరుస శీర్షికలది, ఎ వరుసలో బిందువు సంఖ్య, బి వరుసలో శాతం ఉన్నాయి.

```
=FORECAST(82, B65:B71, A65:A71)
```

అంచనా 23.8 శాతం, వాస్తవం 26.2. షాట్ ముగిశాక వాలు పాత వేగానికే వచ్చినా ఆ 2.4 శాతం తేడా అలాగే నిలిచింది.

ఇంతటితో ఘనతంతా షాట్‌దేనని తేల్చలేము, ఎందుకంటే ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని ట్యాంకులు కొట్టవచ్చన్న మాట కూడా నేను అక్కడే చెప్పాను, రైతు ఎదురుచూసేది ఆ మాట కోసమే. అప్‌లోడ్ చేసిన వీడియోలో షాట్ మార్చి అదే లింకుపై మళ్ళీ పరీక్షించే వీలు యూట్యూబ్ ఇవ్వదు; కోయవచ్చు గానీ కొత్త దృశ్యం చేర్చలేము. అందుకే మరో స్ప్రేయర్ వీడియోలో అదే మాటను కెమెరా వైపు చూస్తూ చెప్పి, చేను షాట్‌ను వేరే చోట పెట్టాను. మాట దగ్గర జారుడు కొద్దిగానే తగ్గింది, చేను షాట్ దగ్గర మళ్ళీ బాగా తగ్గింది. రెండూ కలిసినప్పుడు ఫలితం ఎక్కువని నా అభిప్రాయం, కానీ విడిగా చూస్తే షాట్ వాటాయే పెద్దది.

పోల్చేటప్పుడు ఒకే రకం వస్తువు, దగ్గర దగ్గర నిడివి, వీడియోలో దాదాపు అదే స్థానం ఉండాలి. మొదటి అర నిమిషంలోని షాట్లను ఈ లెక్కలో కలపకండి. అక్కడ పొరపాటున క్లిక్ చేసినవారు వెళ్ళిపోతుంటారు, సరళరేఖ అంచనా కుదరదు. 10 నిమిషాల వీడియోలో 2, 3 సెకన్ల కట్‌అవేలను విడివిడిగా తూచడం కూడా సాధ్యం కాదు, అవి ఒకే బిందువులో కలిసిపోతాయి. వాటిని వరుసగా వచ్చిన గుంపుగా తీసుకుని, ఆ గుంపు మొత్తం కనీసం మూడు నాలుగు బిందువులు ఆక్రమిస్తేనే లెక్క వేయండి.